క్రమ పంచభుజిలో స్వర్ణ నిష్పత్తి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ మొత్తానికి దాదాపు ఒకే బొమ్మ చాలు. కాగితం మీద ఒక క్రమ పంచభుజి గీసి, చుట్టూ వరసగా A, B, C, D, E అని పేర్లు పెట్టండి. A ఎక్కడున్నా ఇబ్బంది లేదు, వరస మాత్రం తప్పకూడదు. AC, BE అనే రెండు కర్ణాలు కలిపి, అవి ఖండించుకున్న చోట P అని రాయండి. మిగిలిన మూడు కర్ణాలను ఇప్పుడే గీయకండి. నక్షత్రం అందంగా కనిపిస్తుంది కానీ కోణాలు వెతుక్కోవడం కష్టమవుతుంది. భుజం పొడవు 1 అనీ, కర్ణం పొడవు d అనీ అనుకుందాం.

ఇంతకీ ఇందులో దాగి ఉన్నది ఏమిటి?

ఒకే సంఖ్య, రెండు చోట్ల. మొదటిది, కర్ణాన్ని భుజంతో భాగిస్తే (1+√5)/2 వస్తుంది, అంటే సుమారు 1.618. రెండోది, P అనే బిందువు AC ని రెండు ముక్కలు చేస్తుంది కదా, అందులో పెద్ద ముక్కను చిన్న ముక్కతో భాగించినా అదే సంఖ్య వస్తుంది. ఈ రెండో విషయమే అసలైన నిర్వచనం: ఒక గీతను కోసినప్పుడు మొత్తానికీ పెద్ద ముక్కకూ ఉన్న నిష్పత్తి, పెద్ద ముక్కకూ చిన్న ముక్కకూ ఉన్న నిష్పత్తి సమానమైతే దాన్ని స్వర్ణ నిష్పత్తి అంటారు. పంచభుజి చిన్నదైనా పెద్దదైనా తేడా రాదు, ఎందుకంటే క్రమ పంచభుజులన్నీ సరూపాలే.

పంచభుజి కోణం 108 డిగ్రీలని ఎలా తెలుస్తుంది?

A నుంచి రెండు కర్ణాలు గీస్తే పంచభుజి మూడు త్రిభుజాలుగా విడిపోతుంది. మొత్తం 540 డిగ్రీలు, ఐదు సమాన కోణాలు, ఒక్కొక్కటి 108.

మరి 36 డిగ్రీలు ఎక్కడి నుంచి వచ్చాయి?

త్రిభుజం ABC ని చూడండి. AB, BC రెండూ భుజాలే కాబట్టి అది సమద్విబాహు త్రిభుజం. B దగ్గర 108 పోతే మిగిలేది 72. దాన్ని A, C సమానంగా పంచుకోవాలి. కాబట్టి ∠BAC = ∠BCA = 36. ఇదే వాదన త్రిభుజం ABE కి కూడా సరిపోతుంది, అందులో A దగ్గర 108 ఉంటుంది. అందువల్ల ∠ABE = 36.

మరో దారి కూడా ఉంది. పంచభుజి చుట్టూ వృత్తం గీస్తే ప్రతి భుజం కేంద్రం వద్ద 72 డిగ్రీలు చేస్తుంది, పరిధి మీద దానిలో సగం, అంటే 36 చేస్తుంది. A నుంచి చూస్తే BC, CD, DE అనే మూడు భుజాలూ ఒక్కొక్కటి 36 డిగ్రీలే. అంటే ఒక శీర్షం నుంచి బయలుదేరే రెండు కర్ణాలు 108 డిగ్రీల కోణాన్ని సరిగ్గా మూడు సమాన భాగాలు చేస్తాయి. నాకు ఈ రెండో దారే ఎక్కువ ఇష్టం. ఒక్క మాటతో బొమ్మలోని 36 లన్నీ బయటపడతాయి. కానీ వృత్త సిద్ధాంతం ఇంకా చదవని పిల్లలకు మొదటిదే చెప్పాలి.

P దగ్గర ఏం జరుగుతుంది? నిరూపణ మొత్తం ఒక్కసారి చూపించగలరా?

అసలు పని అంతా P దగ్గరే ఉంది. అక్కడ రెండు త్రిభుజాలను ఒకదాని తర్వాత ఒకటి చూడాలి.

మొదట త్రిభుజం ABP. A దగ్గర కోణం 36 (అది ∠BAC యే), B దగ్గర కోణం 36 (అది ∠ABE యే). కాబట్టి P దగ్గర 108. కోణాలు 36, 36, 108 అయిన త్రిభుజాన్ని ఇంతకు ముందే చూశాం, ABC. అంటే మనం గీసిన పెద్ద త్రిభుజానికి ఒక చిన్న నకలు దాని లోపలే, దాని భుజం AB మీదే కూర్చుని ఉంది.

ఇప్పుడు పక్కనున్న త్రిభుజం BPC. దీని కోణాలు ఒక్కొక్కటే తీద్దాం. C దగ్గర 36, ఎందుకంటే అది ∠BCA. B దగ్గర మొత్తం 108 లో 36 ని ABP తీసుకుంది, మిగిలింది 72. P దగ్గర A, P, C ఒకే సరళరేఖ మీద ఉన్నాయి కాబట్టి 180 లోంచి 108 పోగా 72. అంటే B, P దగ్గర కోణాలు సమానం. సమాన కోణాలకు ఎదురుగా ఉన్న భుజాలు సమానం కాబట్టి CP = CB = 1.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. కర్ణం AC పొడవు d. అందులో C వైపున్న ముక్క సరిగ్గా ఒక భుజం పొడవు. కాబట్టి A వైపున్న ముక్క AP = d − 1. త్రిభుజం సమద్విబాహు అని గమనించడంతో, తెలియని పొడవులు రెండు కాకుండా ఒక్కటే మిగిలింది.

చివరగా సరూపత. చిన్న త్రిభుజం APB, పెద్ద త్రిభుజం ABC సరూపాలు. చిన్నదానిలో సమాన భుజం AP, భూమి AB. పెద్దదానిలో సమాన భుజం AB, భూమి AC. కాబట్టి

AP / AB = AB / AC

(d − 1) / 1 = 1 / d

d² − d − 1 = 0

వర్గ సమీకరణం సూత్రం వేస్తే d = (1+√5)/2. అంతే. ఇందులో త్రికోణమితి లేదు, కొలత లేదు, 180 లోంచి తీసివేతలు తప్ప వేరే లెక్క లేదు.

సరూప త్రిభుజాలు రాసేటప్పుడు నాకు 1 = 1 లాంటి పిచ్చి సమాధానం వస్తోంది. ఎందుకు?

అక్షరాల వరస తప్పి ఉంటుంది. ఈ లెక్కలో అందరూ జారిపడే చోటు ఇదే. చిన్న త్రిభుజంలో 108 డిగ్రీల కోణం P దగ్గర ఉంది, పెద్దదానిలో B దగ్గర ఉంది. అంటే P కి జోడీ B. కాబట్టి △APB ~ △ABC అని రాయాలి. అలవాటు కొద్దీ △ABP ~ △ABC అని రాస్తే AB కి AB యే జోడీ అవుతుంది, నిష్పత్తి 1 అవుతుంది, వెంటనే AP = AC అని వస్తుంది. అంటే P వెళ్లి C మీద కూర్చోవాలి. అలాంటి ఫలితం కనిపించగానే లెక్కను మళ్లీ మొదటి నుంచి చేయనక్కర్లేదు. ఏ కోణానికి ఏ కోణం జోడీ అని ఒకసారి సరిచూసుకుంటే చాలు.

సమద్విబాహు త్రిభుజం కాబట్టి △APB ~ △CBA అని రాసినా సరైన సమీకరణమే వస్తుంది. 108 కి 108 జోడీ కావడమే ముఖ్యం.

CP భుజానికి సమానమని బొమ్మలోనే కనిపిస్తోంది కదా, నిరూపించాలా?

నిరూపించాలి. బొమ్మలో కనిపించినవన్నీ నమ్మితే, భుజం 5 సెం.మీ. ఉన్న పంచభుజిలో కర్ణం సరిగ్గా 8 సెం.మీ. అని కూడా నమ్మాల్సి వస్తుంది. నిజానికి అది 8.09. పైగా లెక్క బరువంతా CP = 1 మీదే ఉంది. దాన్ని ఊరికే తీసుకుంటే మిగిలేది ఒక చిన్న సమీకరణమే.

కోణాలతో నచ్చకపోతే సమాంతర రేఖలతో చూడవచ్చు. ∠EDC = 108, ∠DCA = 108 − 36 = 72. రెండూ కలిపితే 180, కాబట్టి AC, ED సమాంతరాలు. అదే విధంగా BE, CD సమాంతరాలు. అంటే PCDE సమాంతర చతుర్భుజం; CD = DE కాబట్టి అది సమచతుర్భుజం. నాలుగు భుజాలూ 1, వాటిలో CP ఒకటి. ప్రతి కర్ణం ఎదుటి భుజానికి సమాంతరంగా ఉంటుందన్న ఈ సంగతి కింద కాగితం ముడి దగ్గర మళ్లీ పనికొస్తుంది.

వర్గ సమీకరణానికి రెండో మూలం కూడా ఉంది. దాన్ని ఎందుకు వదిలేశాం?

రెండో మూలం (1−√5)/2, అంటే సుమారు −0.618. పొడవు రుణసంఖ్య కాదు కాబట్టి d కి అది పనికిరాదు. అయితే గుర్తు తీసేసి చూస్తే 0.618 అనే పొడవు మన బొమ్మలోనే ఉంది: అది AP. ఎందుకంటే AP = d − 1, సమీకరణం ప్రకారం d − 1 = 1/d.

అన్ని భుజాలూ సమానమైతే చాలదా? కోణాలు కూడా చూడాలా?

చాలదు. చిన్నపిల్లలు గీసే ఇల్లు బొమ్మను తీసుకోండి: కింద చతురస్రం, పైన కప్పుగా సమబాహు త్రిభుజం. ఐదు గోడలూ ఒకే పొడవు, కానీ కోణాలు 90, 90, 150, 60, 150. అందులో కర్ణాలు మూడు రకాలు: చతురస్రం కర్ణం 1.414, కప్పు కింద అడ్డంగా వెళ్లేది 1, కప్పు కొస నుంచి నేల మూలకు వెళ్లేది సుమారు 1.93. స్వర్ణ నిష్పత్తి జాడ ఎక్కడా లేదు.

కోణాలన్నీ 108 అయినా చాలదు. క్రమ పంచభుజిలో ఒక అంచును దానికి సమాంతరంగా కత్తిరించి తీసేస్తే కోణాలు చెక్కుచెదరవు, భుజాలు మాత్రం మారిపోతాయి. మన నిరూపణలో రెండు షరతులనూ వాడుకున్నాం: ABC సమద్విబాహు అన్నప్పుడు భుజాలను, 36 అన్నప్పుడు కోణాలను.

గీసి కొలిచాను, 1.6 వచ్చింది. మరి 8/5 అని ఎందుకు అనకూడదు?

స్కేలుతో అంతకన్నా దగ్గరగా రావడం కష్టం. భుజం 6 సెం.మీ. అయితే కర్ణం 9.71 సెం.మీ. ఉండాలి. రెండు కొలతల్లోనూ ఒక్కో మిల్లీమీటరు తప్పు దొర్లితే నిష్పత్తి 1.57 నుంచి 1.66 వరకు ఎక్కడైనా రావచ్చు. భుజం 20 సెం.మీ. చేసి చార్టు కాగితం మీద గీస్తే, అదే మిల్లీమీటరు తప్పుతో నిష్పత్తి 1.605, 1.631 మధ్య పడుతుంది. ఇప్పుడు 1.6 కాదని తేలిపోయింది, కానీ 13/8 అంటే 1.625 ఇంకా బరిలోనే ఉంది. గోడంత పంచభుజి గీసి దాన్నీ తప్పించవచ్చు. అప్పుడు 21/13 అడ్డు వస్తుంది. ఈ ఆటకు ముగింపు లేదు. ఏ భిన్నమూ సరిపోదని కొలతతో ఎప్పటికీ తేలదు. దానికి పంచభుజే సమాధానం చెబుతుంది, తర్వాతి ప్రశ్న చూడండి.

ఇది కరణీయ సంఖ్య అని √5 ప్రస్తావన లేకుండా చెప్పగలమా?

చెప్పగలం. నా లెక్కలో ఈ బొమ్మ ఇచ్చే అన్నిటికన్నా గొప్ప బహుమతి ఇదే. ఇప్పుడు మిగిలిన మూడు కర్ణాలూ గీయండి. మధ్యలో తలకిందులుగా ఒక చిన్న పంచభుజి ఏర్పడుతుంది. పెద్ద బొమ్మను 72 డిగ్రీలు తిప్పితే అది తన మీద తానే సరిగ్గా పడుతుంది, కాబట్టి లోపలిది కూడా క్రమ పంచభుజే.

దాని భుజం ఎంత? భుజాన్ని ఇకపై 1 అనకుండా s అందాం. AC మీద A వైపు కొస ముక్క AP = d − s. బొమ్మ సౌష్ఠవం వల్ల C వైపు కొస ముక్క కూడా అంతే. రెండు కొసలూ తీసేస్తే మధ్యలో మిగిలేది d − 2(d − s) = 2s − d. ఇదే చిన్న పంచభుజి భుజం. దాని కర్ణం ఎంత? పంచభుజులన్నీ సరూపాలు కాబట్టి దాని కర్ణం d(2s − d)/s. మనకు d² = sd + s² అని తెలుసు (పై సమీకరణాన్నే s తో రాశాం). దాన్ని పెడితే లోపలి కర్ణం d − s అని తేలుతుంది.

కాబట్టి నియమం ఇది: కర్ణం d, భుజం s అయిన పంచభుజి లోపల, కర్ణం d − s, భుజం 2s − d అయిన పంచభుజి ఉంటుంది. కొత్త పొడవులు రెండూ పాతవాటి కూడికలూ తీసివేతలే.

ఇక d/s ఒక భిన్నమని ఎవరైనా పట్టుబట్టారనుకోండి. అంటే తగిన కొలమానం తీసుకుంటే d, s రెండూ పూర్ణసంఖ్యలు కావాలి. ఉదాహరణకు 13, 8 అన్నారు. నియమం వేద్దాం. లోపలి పంచభుజికి కర్ణం 13 − 8 = 5, భుజం 16 − 13 = 3. దాని లోపలిదానికి కర్ణం 2, భుజం 1. దాని లోపలిదానికి కర్ణం 1, భుజం 0. భుజం సున్నా అయిన పంచభుజి లేదు! కానీ బొమ్మలో పంచభుజి లోపల పంచభుజి ఎప్పటికీ ఉంటూనే ఉంటుంది, ఎక్కడా ఆగదు. 8, 5 తో మొదలుపెడితే 3, 2 వస్తాయి, తర్వాత 1, 1 వస్తాయి: కర్ణమూ భుజమూ సమానం, అదీ అసాధ్యమే.

ఏ పూర్ణసంఖ్యలతో మొదలుపెట్టినా ఇదే గతి. లోపలికి వెళ్లే కొద్దీ పొడవులు పూర్ణసంఖ్యలుగానే ఉండాలి, ధనసంఖ్యలుగానే ఉండాలి, ప్రతిసారీ తగ్గాలి. ధన పూర్ణసంఖ్యలు అంతులేకుండా తగ్గుతూ పోలేవు. కాబట్టి d, s లకు ఉమ్మడి కొలమానం లేదు. వాటి నిష్పత్తి కరణీయ సంఖ్య.

13, 8, 5, 3, 2, 1 అనే వరసను గుర్తుపట్టినవారు ఉంటారు. అవి ఫిబొనాచి సంఖ్యలు. మన నియమం ఆ వరసలో వెనక్కి నడుస్తుంది. అందుకే ఆ భిన్నాలు అంత దగ్గరగా వచ్చి మోసం చేస్తాయి: అవి కూలిపోయే ముందు కొన్ని మెట్ల దాకా నిజమైన పంచభుజిలాగే నటిస్తాయి.

గ్రీకులు కరణీయ సంఖ్యలను ఈ బొమ్మలోనే కనిపెట్టారట, నిజమేనా?

అది ఒక ఊహ. మెటాపొంటం వాడైన హిప్పాసస్ పంచభుజి ద్వారానే దీన్ని కనిపెట్టి ఉంటాడని కర్ట్ ఫాన్ ఫ్రిట్జ్ అనే పండితుడు 1945 లో వాదించాడు. సమకాలీన సాక్ష్యం ఏదీ లేదు. హిప్పాసస్‌ సముద్రంలో మునిగిపోయాడన్న కథలు అతని తర్వాత కొన్ని శతాబ్దాలకు రాసినవి. యూక్లిడ్ రాసింది మాత్రం మన చేతిలో ఉంది: క్రీ.పూ. 300 ప్రాంతపు 'ఎలిమెంట్స్' 13 వ పుస్తకం, 8 వ ప్రతిపాదన. క్రమ పంచభుజి కర్ణాలు ఒకదానినొకటి ఈ నిష్పత్తిలో ఖండించుకుంటాయనీ, పెద్ద ముక్క భుజానికి సమానమనీ అది చెబుతుంది. అంటే పైన మనం P దగ్గర చేసిన పనే.

యూక్లిడ్ 'స్వర్ణ' అన్న మాట వాడలేదు. 'అంత్య, మధ్య నిష్పత్తి' అన్నాడు. బంగారం పేరు చాలా ఆలస్యంగా, 1835 లో జర్మన్ గణితవేత్త మార్టిన్ ఓమ్ పుస్తకంలో అచ్చులో కనిపించింది.

ఇంటర్మీడియట్‌లో sin 18° విలువ బట్టీ పట్టాం. దీనితో ఏమైనా సంబంధం ఉందా?

రెండూ ఒకటే. పుస్తకంలో A = 18° అనుకుని, 2A = 90° − 3A కాబట్టి sin 2A = cos 3A అని మొదలుపెడతారు. రెండు వైపులా cos A కొట్టేస్తే 4 sin²A + 2 sin A − 1 = 0 వస్తుంది. లెక్క సరైనదే, కానీ ఆ √5 ఎక్కడి నుంచి ఊడిపడిందో చదివేవాడికి తెలియదు.

పంచభుజిలో A ని C, D లతో కలపండి. ACD లో రెండు భుజాలు కర్ణాలు (d), భూమి 1, A దగ్గర కోణం 36. A నుంచి భూమికి లంబం దించితే కోణం సగమై 18 అవుతుంది, భూమి సగమై 1/2 అవుతుంది. కాబట్టి sin 18° = 1/(2d) = (√5 − 1)/4, సుమారు 0.309. ఇంటర్ సమీకరణంలో 2 sin A ని x అనండి; అది x² + x − 1 = 0 అవుతుంది. d² − d − 1 = 0 లో d బదులు 1/x రాసినా అదే వస్తుంది. అదే విధంగా ABC లో B నుంచి AC కి లంబం దించితే cos 36° = d/2 = (1+√5)/4.

ఈ విలువలు మన దేశంలోనూ పాతవే. రెండో భాస్కరుడు 1150 నాటి 'సిద్ధాంత శిరోమణి'లో 18, 36 డిగ్రీల జ్యాలను, అంటే sin విలువలను, 5 వర్గమూలంతోనే చెప్పాడు. 'లీలావతి'లో వృత్తంలో ఇమిడే పంచభుజి భుజానికి సూత్రం ఇచ్చాడు: వ్యాసాన్ని 70534 తో గుణించి 120000 తో భాగించాలి. ఇప్పటి లెక్కతో 120000 × sin 36° = 70534.2. భాస్కరుడు భుజాన్ని వ్యాసంతో పోల్చాడు, కర్ణంతో కాదు. కాబట్టి ఆయన స్వర్ణ నిష్పత్తిని పూజించాడని ఈ సంఖ్యల నుంచి అల్లడం మాత్రం తగదు.

వృత్తలేఖిని, స్కేలుతో క్రమ పంచభుజి ఎలా గీయాలి?

5 సెం.మీ. వ్యాసార్ధంతో వృత్తం గీద్దాం. కేంద్రం O. నిట్టనిలువు వ్యాసార్ధం OA, దానికి లంబంగా అడ్డ వ్యాసం గీయండి. అడ్డంగా కుడివైపున్న వ్యాసార్ధం మధ్యబిందువు M. వృత్తలేఖిని ముల్లు M మీద పెట్టి, A దాకా తెరిచి, కిందికి చాపం గీస్తే అది అడ్డ వ్యాసాన్ని O కి ఎడమవైపున N దగ్గర తాకుతుంది. AN యే పంచభుజి భుజం. ఆ తెరుపుతో A నుంచి వృత్తం చుట్టూ ఐదు అడుగులు వేయండి.

ఇది ఎందుకు పనిచేస్తుంది? OM = 2.5, OA = 5 కాబట్టి పైథాగరస్ ప్రకారం MA = 5.590. అందులోంచి OM తీసేస్తే ON = 3.090, అంటే వ్యాసార్ధాన్ని 1.618 తో భాగించినంత. ఇప్పుడే ACD లో చూశాం: రెండు భుజాలు ఒకటి, భూమి వాటిలో 1.618 వ వంతు అయితే శీర్ష కోణం 36. ఆ శీర్షాన్ని O దగ్గర పెడితే భూమి పొడవు ON అంత అవుతుంది. 36 డిగ్రీలు పది సార్లు వేస్తే 360 కాబట్టి, ON తో వృత్తం చుట్టూ పది అడుగులు పడతాయి. బిందువు విడిచి బిందువు కలిపినా పంచభుజి వస్తుంది. AN అనేది దానికి అడ్డదారి. వ్యాసార్ధ వర్గానికి దశభుజి భుజ వర్గం కలిపితే పంచభుజి భుజ వర్గం వస్తుందని యూక్లిడ్ 13 వ పుస్తకంలోనే నిరూపించాడు: 25 + 9.549 = 34.549, వర్గమూలం 5.878.

తప్పు గీశామో లేదో ఐదో అడుగు చెబుతుంది. 5.878 బదులు స్కేలు మీద చూసి 5.9 తీసుకుంటే, ఐదో అడుగు A ని సుమారు 1.4 మి.మీ. దాటి పడుతుంది. ప్రతి అడుగులోని చిన్న తప్పు ఐదు రెట్లయి చివర కనిపిస్తుందన్న మాట. అప్పుడు చివరి బిందువును చేత్తో జరిపి అతికించకండి. తెరుపును వెంట్రుకవాసి తగ్గించి మళ్లీ తిరగండి.

కాగితం పట్టీకి ముడి వేస్తే పంచభుజి వస్తుందంటారు. నిజమా?

నిజమే. ఒకే వెడల్పున్న పొడవాటి పట్టీకి మామూలు ముడి వేసి, నలగకుండా మెల్లగా లాగి, చదునుగా నొక్కండి. పట్టీ రెండు అంచులూ సమాంతరాలు. పంచభుజిలో భుజమూ దానికి ఎదురుగా ఉన్న కర్ణమూ సమాంతరాలు. పట్టీ ప్రతి మడతలోనూ ఒక అంచు భుజం మీద, మరో అంచు కర్ణం మీద పడుతుంది. పట్టీ వెడల్పు 3 సెం.మీ. అయితే భుజం సుమారు 3.15 సెం.మీ. వస్తుంది. వదులుగా లాగితే మధ్యలో చిన్న రంధ్రం కనిపిస్తుంది, అప్పుడు కోణాలు సరిగా రావు. ఒక కొసను ముడి మీదికి వెనక్కి మడిచి వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే నక్షత్రం కనిపిస్తుంది.

షడ్భుజి, సప్తభుజిలో కూడా ఇలాంటి నిష్పత్తి ఉందా?

షడ్భుజిలో కర్ణాలు రెండు రకాలు, √3, 2. సప్తభుజిలో చిన్న కర్ణం భుజానికి 1.802 రెట్లు; అది x³ − x² − 2x + 1 = 0 అనే ఘన సమీకరణానికి మూలం. అందుకే సప్తభుజిని వృత్తలేఖిని, స్కేలుతో ఖచ్చితంగా గీయలేం. పంచభుజిలో అన్ని కర్ణాలూ ఒకే పొడవు కావడం, సమీకరణం వర్గ సమీకరణంతో ఆగిపోవడం, ఈ రెండే దాని అదృష్టం.

మందార పువ్వులో, బెండకాయలో కూడా స్వర్ణ నిష్పత్తి ఉందా?

బెండకాయను అడ్డంగా కోస్తే ముక్క చాలాసార్లు ఐదు మూలలతో ఉంటుంది. ఆరు, ఏడు మూలలవీ దొరుకుతాయి. ఐదు మూలలూ సమానంగా ఉన్న ముక్క దొరికితే కర్ణం భుజానికి సుమారు 1.6 రెట్లు ఉండక తప్పదు, కాయకు స్వర్ణ నిష్పత్తి తెలిసి కాదు, క్రమ పంచభుజికి మరో దారి లేక. అక్కడ వెతకాల్సిన ప్రశ్న ఐదు ఎందుకన్నది, అది వృక్షశాస్త్రం సంగతి. ముక్క వంకరగా ఉంటే నిష్పత్తి కూడా వంకరే. ఇంటి కత్తిపీట మీద కోసిన ముక్కల్లో ఒకదాన్ని నేను కొలిచాను: ఒక కర్ణం భుజానికి 1.5 రెట్లు, పక్క కర్ణం 1.7 రెట్లు వచ్చింది. ఆ ముక్క వేపుడులోకి వెళ్లిపోయింది.